సన్న పై పెదవి, కిందికి వాలే మీసం: ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

మీసం గురించి నన్ను అడిగేవాళ్ళు ఎక్కువగా రెండు మాటలే అంటారు. "మీసం పెంచితే నాకు పై పెదవే కనపడట్లేదు" అనేది ఒకటి. "నేను మామూలుగానే ఉన్నా, ఏంటలా దిగులుగా ఉన్నావని అందరూ అడుగుతున్నారు" అనేది రెండోది. చాలాసార్లు ఈ రెండు బాధలూ ఒకే మొహం మీద ఉంటాయి. పెదవి సన్నగా ఉంటుంది, మీసం కొసలు నోటి మూలలు దాటి కిందికి దిగుతాయి.

ఇలాంటప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని ముక్కు కింద నుంచి గీసుకుంటూ వచ్చి మీసాన్ని సన్నం చేయడం. అది సరిగ్గా తలకిందులు పని. పెదవి కనపడాలన్నా, వాలు పోవాలన్నా సంగతంతా మీసం కింది అంచులోనూ, అటూ ఇటూ ఉన్న చివరి సెంటీమీటరులోనూ ఉంది. ఆ రెండు చోట్ల సరిగ్గా కత్తిరిస్తే పై భాగాన్ని ముట్టుకోవాల్సిన పనే ఉండదు.

ముందుగా ఏ మీసం అన్నది తేల్చుకోండి

పెదవి సన్నగా ఉన్నవాళ్ళు పెదవి మీదికి జారే గుబురు మీసం జోలికి వెళ్ళకండి. లావు పెదవి ఉన్నవాళ్ళకు అది కొంత కప్పినా కొంత మిగులుతుంది. మీకు ఉన్నదే కాస్త కాబట్టి నోరు ఒక గీతలా మిగులుతుంది. నోటికి రెండు పక్కలా గడ్డం దాకా దిగే గుర్రపు నాడా మీసం వాలు మొహానికి పనికిరాదు. ఉన్న వాలును ఇంకాస్త పొడుగు చేస్తుంది.

పెదవి మీద గీత గీసినట్టుండే సన్న మీసం సంగతి వేరు. ముక్కుకూ పెదవికీ మధ్య జాగా తక్కువున్నవాళ్ళకు అది బాగుంటుంది. ఆ జాగా ఎక్కువగా ఉండి పెదవి సన్నగా ఉంటే మాత్రం పైన బోడిగా, కింద నల్లటి గీతగా, దాని కింద మరో సన్న గీతగా పెదవి కనిపిస్తుంది. అద్దంలో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక మిగిలినవి రెండు. ఒకటి, ముక్కు కింద నుంచి పెదవి అంచు దాకా నిండుగా ఉండి, నోటి మూలల దగ్గర ఆగిపోయే పొట్టి మీసం. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, కింద వివరించేదీ ఇదే. రెండోది, కొసలు మెలేసి పైకి తిప్పే కోరమీసం. దాని గురించి చివర్లో చెప్తాను, దానికి ఓపిక కావాలి. 2019లో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ మీసం చూసి ఊరూరా సెలూన్లలో అదే కావాలన్నారు గుర్తుందా? అలాంటి మీసానికి చెంపల మీద కూడా వెంట్రుక ఒత్తుగా ఉండాలి. లేకపోతే మధ్యలో తెగిపోయి రెండు తోకలు వేలాడుతున్నట్టుంటుంది.

కావలసినవి

సన్నటి మొన ఉన్న చిన్న కత్తెర (నాలుగంగుళాలది చాలు, పేపర్లు కోసే కత్తెర వద్దు), పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న చిన్న దువ్వెన, 3 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా దువ్వెన తొడుగులు ఉన్న ట్రిమ్మర్, ఒక రేజర్, కనుబొమలకు వాడే పెన్సిల్. మీసం నల్లగా ఉంటే తెల్ల పెన్సిల్ అయితే ఇంకా మంచిది.

వెలుతురు ఎదురుగా రావాలి. మన బాత్రూముల్లో బల్బు నెత్తి మీద ఉంటుంది. దాంతో ముక్కు నీడ సరిగ్గా మీసం మీదే పడుతుంది, ఒక పక్క ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. పగలు కిటికీకి ఎదురుగా అద్దం పెట్టుకుని కూర్చోండి. నిలబడి, మెడ ఎత్తి, అద్దానికి ముక్కు ఆనించి చేసే కత్తిరింపు ఎప్పుడూ వంకరే.

దశలు

1. మూడు వారాలు ముట్టుకోకండి. మీసం నెలకు సుమారుగా ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు వారాలకు ఏడెనిమిది మిల్లీమీటర్లు వస్తుంది, ఆకారం ఇవ్వడానికి ఆ మాత్రం ఉండాలి. పాత ఆకారం మీదే కొత్తది గీయబోతే ఎప్పుడో కొట్టేసిన చోట ఖాళీ అలాగే ఉండిపోతుంది. తిరుపతి వెళ్ళి గుండుతో పాటు మీసం కూడా ఇచ్చేసి వచ్చినవాళ్ళయితే మీ అంత అదృష్టవంతులు లేరు. ఆకారం మార్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

2. వాలు ఎక్కడుందో కనుక్కోండి. అద్దం ముందు మొహం వదులుగా పెట్టండి, నవ్వొద్దు. రెండు చూపుడు వేళ్ళతో మీసం కొసలను పైకి నొక్కి పట్టుకోండి, చర్మాన్ని లాగకుండా వెంట్రుకల్ని మాత్రమే. అలా నొక్కగానే మొహంలో దిగులు పోయిందా? అయితే వాలు వెంట్రుకలది. నొక్కినా నోటి మూలలు కిందికే ఉన్నాయా? అయితే అది మీ నోటి తీరు. నలభై దాటాక చాలామందికి మూలలు కాస్త దిగుతాయి, అందులో వింతేం లేదు. మొదటి రకం వాళ్ళ మీసం సరిగ్గా నోటి మూలకు నిలువుగా పైన ఆగాలి. రెండో రకం వాళ్ళది మూలకు 2, 3 మిల్లీమీటర్లు లోపలే ఆగాలి.

3. కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. సబ్బుతో కడిగితే నూనె, జిడ్డు పోతాయి. తర్వాత తువ్వాలుతో అద్ది, పదిహేను నిమిషాలు ఆగండి. తడి వెంట్రుక సాగి, చర్మానికి అంటుకుని పొడుగ్గా కనిపిస్తుంది. అప్పుడు సరిగ్గా పెదవి అంచుకు కత్తిరిస్తే, ఆరాక పైకి లేచి పెదవికీ మీసానికీ మధ్య తెల్లటి పట్టీ బయటపడుతుంది. మీసం చెడిపోయిందని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కత్తిరించింది స్నానం చేసి వచ్చీరాగానే.

4. గుర్తులు పెట్టుకోండి. మీసాన్ని నిలువుగా కిందికి దువ్వండి. పై పెదవి మధ్యలో రెండు చిన్న ఎత్తులు, వాటి మధ్య ఒక పల్లం ఉంటాయి. రెండు ఎత్తుల పైనా ఒక్కో చుక్క పెట్టండి. తర్వాత రెండు పక్కలా మీసం ఎక్కడ ఆగాలో అక్కడ ఒక్కో చుక్క. మొత్తం నాలుగు చుక్కలు. చివరి చుక్కలు నోటి మూల ఎత్తులోనే పెట్టకండి, దానికి 2, 3 మిల్లీమీటర్లు పైన పెట్టండి. వాలు పోయేది ఆ కాస్త ఎత్తుతోనే.

చుక్కలు పెట్టేటప్పుడు పెదవిని పళ్ళ మీదికి బిగించకండి, నోరు సాగదీయకండి. బిగించినప్పుడు చర్మం జరుగుతుంది, వదిలాక చుక్క వేరే చోట ఉంటుంది.

5. కింది అంచు కత్తిరించండి. ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి తొందరపడకండి. కత్తెర మొనతో, మధ్య పల్లం దగ్గర మొదలుపెట్టి ఒక పక్కకు, మళ్ళీ మధ్య నుంచి రెండో పక్కకు వెళ్ళండి. ఒక చివర నుంచి మరో చివరకు ఒకే ఊపులో వెళ్తే రెండో పక్క ఎప్పుడూ పైకి పోతుంది. ఒక్కో కోతకు నాలుగైదు వెంట్రుకలే తెగాలి. మొదటిసారి పెదవి అంచుకు కాస్త కిందే ఆపండి. రెండోసారి సరిగ్గా అంచుకు తీసుకురండి.

ఎంత పైకి? పెదవి రంగు మొదలయ్యే గీతను మీసం తాకీ తాకనట్టు ఉండాలి. పెదవి మీద ఒక్క వెంట్రుక కూడా పడకూడదు, అలాగని మధ్యలో చర్మం పట్టీలా కనపడకూడదు. ఒక మిల్లీమీటరు సందు ఉంటే ఫర్వాలేదు. మూడు మిల్లీమీటర్లు వచ్చిందంటే మీసం పైకి ఎగిరిపోయినట్టుంటుంది.

స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా కత్తిరించవద్దు. మధ్యలో ఎత్తు, పల్లం, ఎత్తు ఎలా ఉన్నాయో అంచు అలాగే వంపు తిరగాలి. సన్న పెదవికి ఆకారం అంటూ ఉండేది ఆ వంపులోనే. నేరుగా కోస్తే ఆ ఎత్తులు వెంట్రుకల కిందకు పోయి పెదవి బల్లపరుపుగా కనిపిస్తుంది. సెలూన్‌లో చేయించుకున్నా ఈ ఒక్క మాట ముందే చెప్పండి, ఎందుకంటే ట్రిమ్మర్‌ను అడ్డంగా పెట్టి ఒక్కసారి లాగేయడం వాళ్ళకు తేలిక.

6. ఒత్తు తగ్గించండి, కానీ కింద సగంలోనే. పక్క నుంచి చూస్తే మీసం పెదవి కంటే ముందుకు పొడుచుకు వచ్చి, దాని నీడ పెదవి మీద పడుతుంటే పెదవి ఇంకా సన్నగా కనిపిస్తుంది. ట్రిమ్మర్‌కు 5 మిల్లీమీటర్ల తొడుగు పెట్టి, కింది సగం మీద మాత్రమే, వెంట్రుక పెరిగే దిశలో, పై నుంచి కిందికి ఒకసారి నడపండి. చాలకపోతే 4 పెట్టి మళ్ళీ అక్కడే నడపండి. ఎదురు దిశలో నడిపితే అదే తొడుగుతో ఇంకా పొట్టిగా తెగుతుంది, ఆ తేడా చాలామందికి తెలియదు. ట్రిమ్మర్ లేకపోతే దువ్వెనను మీసంలోకి దూర్చి, పైకి లేపి, పళ్ళ బయటికి వచ్చిన కొసల్ని కత్తెరతో తీయండి.

మీసం పలచగా ఉన్నవాళ్ళు ఈ దశ వదిలేయండి.

7. కొసలు. ఇప్పుడు మీసాన్ని పక్కలకు దువ్వండి, కిందికి కాదు. ఎత్తుల మీది చుక్క నుంచి చివరి చుక్క దాకా కింది అంచును ఒకసారి చూసుకోండి. మూడింట రెండు వంతుల దూరం పెదవి వెంటే రావాలి, అక్కడి నుంచి మెల్లగా పైకి లేచి చివరి చుక్కను చేరాలి. ఆ గీతకు కింద ఉన్న వెంట్రుకల్ని తీసేయండి. పై వరుసలో ఉన్న కొస వెంట్రుకల్ని మాత్రం ఉంచండి. అలా చేస్తే కొస పైవైపు మొనదేలుతుంది. చాలామంది నిలువుగా ఒక్క కోత కోస్తారు. అప్పుడు చివర చతురస్రంగా, అతికించినట్టు ఉంటుంది.

కొస దాటి కింద మిగిలిన చోటును రేజర్‌తో శుభ్రం చేయండి. ఆ చోటు గుర్తు పెట్టుకోండి. రెండు రోజులకు అక్కడ మొలిచే నల్లటి మొలకలు వాలును మళ్ళీ గీసేస్తాయి. మీసం చెక్కుచెదరకుండా ఉన్నా "మళ్ళీ పాతలాగే అయింది" అనిపించేది వీటివల్లే. రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు అక్కడ గీసుకోండి. గడ్డం ఉంచుకునేవాళ్ళు మీసాన్నీ గడ్డాన్నీ కలిపే ఆ నిలువు పట్టీని 1 మిల్లీమీటరుకు తగ్గిస్తే చాలు, పూర్తిగా తీయక్కర్లేదు.

8. పై అంచు వదిలేయండి. ముక్కు రంధ్రాల్లోంచి బయటికి వచ్చిన వెంట్రుకల్ని కత్తిరించండి, బుగ్గ వైపు చెదురుగా మొలిచినవాటిని గీయండి. అంతకంటే పైన చేయాల్సిందేమీ లేదు.

సరిగ్గా వచ్చిందా, ఎలా తెలుస్తుంది?

అద్దాన్ని నమ్మకండి. కళ్ళ ఎత్తులో ఫోన్ పెట్టి, ఒక మీటరు దూరం నుంచి వెనక కెమెరాతో ఎవరిచేతైనా మూడు ఫోటోలు తీయించుకోండి. ఒకటి ఊరికే ఉన్నప్పుడు, ఒకటి నవ్వుతూ, ఒకటి పక్క నుంచి. ఊరికే ఉన్న ఫోటోలో పై పెదవి రంగు ఒక మూల నుంచి రెండో మూల దాకా తెగకుండా కనపడాలి. నవ్వుతున్నప్పుడు పెదవి సాగి ఇంకా సన్నమవుతుంది కాబట్టి అప్పుడు మీసానికీ పెదవికీ మధ్య కాస్త చర్మం కనిపించడం మామూలే, దాన్ని చూసి సరిచేయబోకండి. పక్క నుంచి తీసినదాంట్లో మీసం పెదవిని దాటి ముందుకు రాకూడదు.

తర్వాత ఒక గ్లాసు మజ్జిగ తాగి చూడండి. మీసానికి మజ్జిగ అంటిందంటే కింది అంచులో పొడుగు వెంట్రుకలు ఇంకా మిగిలాయన్నమాట. వాటిని వెతికి ఒక్కొక్కటిగా తీయండి.

మర్నాడు పొద్దున లేవగానే, దువ్వకముందు ఇంకోసారి చూసుకోండి. రాత్రి పడుకున్న వైపు నొక్కుకుపోయిన వెంట్రుకలు తప్పుగా తెగినవైతే అప్పుడే బయటపడతాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే పెద్దది రెండు పక్కలా సమానం చేయబోవడం. కుడి పక్క కాస్త ఎక్కువైందని తీస్తారు, ఇప్పుడు ఎడమ ఎక్కువైనట్టుంటుంది, దాన్నీ తీస్తారు. అరగంటలో మీసం సగమై, చివరికి మొత్తం గీసేసి బయటికి వస్తారు. ఎవరి నోరూ అచ్చంగా రెండు పక్కలా ఒకలా ఉండదు. ఒక పక్క ఒత్తుగా, ఒక పక్క పలచగా మొలవడం కూడా సహజం. కాబట్టి ఒక్కో పక్కకు రెండుసార్ల కంటే ఎక్కువ సరిచేయకండి. అప్పటికీ తేడా కనిపిస్తే కత్తెర లోపల పెట్టేసి రెండు రోజులు ఆగండి. తేడా నిజమైతే అప్పటికీ ఉంటుంది, అప్పుడు తీయొచ్చు.

మధ్యలో, ముక్కు కింది గాడిలో పొరపాటున పొట్టిగా తెగితే రెండు పక్కల్నీ దాని స్థాయికి తగ్గించకండి. పక్క వెంట్రుకల్ని మధ్యకు దువ్వి, కాస్త వ్యాక్స్ రాసి వారం పది రోజులు నెట్టుకురండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల లోటు ఆలోపు పూడుతుంది.

ఇక రంగు. నెరిసిన మీసానికి కారునలుపు వేస్తే చర్మానికీ మీసానికీ మధ్య అంచు కొట్టొచ్చినట్టు కనిపించి, వాలు ఏ కాస్త ఉన్నా రెట్టింపు అవుతుంది. ముదురు గోధుమ రంగు వాడండి, లేదా నెరుపునే ఉంచండి. వేయడానికి 48 గంటల ముందు మోచేతి మడతలో కాస్త రాసి చూడటం మానకండి. కొన్ని నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం పడకపోతే పెదవి వాచిపోతుంది.

ఒక మీసం కథ

మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య, యాభై దాటినవాడు. కాలేజీ రోజుల నుంచి ఒకే మీసం. పెదవి సన్నం, దాని మీద సెంటీమీటరు పైగా పొడుగున్న గుబురు మీసం, కొసలు నోటి మూలలు దాటి దాదాపు ఒక సెంటీమీటరు కిందికి. పైగా నల్ల రంగు. "ఆఫీసులో కొత్తవాళ్ళు నన్ను చూసి భయపడుతున్నారురా" అన్నాడు.

వేళ్ళతో కొసలు నొక్కి చూస్తే సగం వాలు వెంట్రుకలది, సగం నోటిది. అందుకని మూలకు 2 మిల్లీమీటర్లు లోపల ఆపుదామనుకున్నాం. మొదటి రోజు కింది అంచు మాత్రమే పెదవి గీత దాకా తెచ్చాం. అన్నేళ్ళుగా కనపడని పై పెదవి బయటికొచ్చేసరికి వదిన చూసి నవ్వింది, అన్నయ్య కాస్త బెదిరాడు. ఆ రోజుకు అక్కడితో ఆపాం. రెండ్రోజుల తర్వాత ఒత్తు తగ్గించి, కొసలు తీశాం. తీశాక రెండు మూలల దగ్గర చర్మం తెల్లగా పాలిపోయినట్టు కనిపించింది. ఎండ తగలని చోటు కదా, అలాగే ఉంటుంది. కొన్నాళ్ళు ఎండలో తిరిగితే కలిసిపోతుంది, దాన్ని చూసి మీసం తప్పు తెగిందని టెన్షన్ పడక్కర్లేదు. పై అంచు సన్నం చేస్తానని అన్నయ్య పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. ముక్కుకూ పెదవికీ మధ్య జాగా ఎక్కువ ఆయనకి. రంగు మాత్రం తర్వాతి నెల మానేశాడు, అది ఆయన నిర్ణయమే.

కొసలు పైకి తిప్పాలనుకుంటే

కత్తిరించడం ఇష్టంలేనివాళ్ళకు ఇంకో దారి కోరమీసం. కొసల దగ్గర వెంట్రుక కనీసం మూడు సెంటీమీటర్లు ఉండాలి, అంటే మూడు నెలలకు తక్కువ కాదు. ఆ మూడు నెలల్లో కొసల్ని ముట్టుకోకుండా, మధ్య భాగాన్ని మాత్రం పెదవి అంచుకు కత్తిరించుకుంటూ ఉండాలి. మొదటి రోజు నుంచే మధ్య నుంచి రెండు పక్కలకు దువ్వడం అలవాటు చేయాలి. రెండో నెల అంతా అది వాలు మీసంలాగే ఉంటుంది, తప్పదు.

నిలబెట్టడానికి వ్యాక్స్ కావాలి. కొబ్బరినూనె మన ఎండలకు కరిగి కారిపోతుంది, మెరుపు తప్ప పట్టు ఉండదు. తేనెమైనం, వాజిలిన్ సమపాళ్ళలో తీసుకుని చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో పెట్టి కరిగించి, చల్లారనిస్తే ఇంట్లోనే తయారవుతుంది. నేరుగా మంట మీద పెట్టకండి, మైనం అంటుకుంటుంది. గట్టి పట్టు కావాలంటే మైనం కొంచెం పెంచండి. బఠాణీ గింజలో సగమంత తీసుకుని బొటనవేలి గోటితో గీకి, వేళ్ళ మధ్య వెచ్చబడేదాకా నలిపి, పొడి మీసానికి మధ్య నుంచి కొస దాకా రాసి మెలేయండి. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో కడిగేయండి. కడగకపోతే మైనం కింద మురికి చేరి మీసం మొదట్లో మొటిమలు లేస్తాయి.

ఏ మీసమైనా కింది అంచును వారానికి ఒకసారి, ఒత్తును రెండు వారాలకు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. పెళ్ళికో ఫోటోకో సరిచేసుకోవాలంటే ఆ రోజు పొద్దున కాదు, మూడు రోజుల ముందు చేసుకోండి. ఎక్కడైనా ఒకటి రెండు వెంట్రుకలు తేడాగా తెగినా ఆలోపు సర్దుకుంటాయి.